‘జెప్పఁడు’ నిఘంటువులో ఎందుకు దొరకలేదు?

*సందేహం:* మా తాతగారి పాత భాగవతంలోంచి ఒక పేజీ ఫోటో తీసి పంపుతున్నాను. ‘సిరికిం జెప్పఁడు’ అనే పద్యం. తాత్పర్యం ఉన్న పేజీ చిరిగిపోయింది. ‘జెప్పండు’, ‘జీరడు’, ‘డభ్రగపతి’ అని వెతికితే నిఘంటువులో ఒక్కటీ దొరకలేదు. చివర్లో ఏనుగుకీ వనానికీ సంబంధించింది ఏదో ఉన్నట్టుంది. వాడుక తెలుగులో చెప్పగలరా?

*సమాధానం:* ఫోటో స్పష్టంగానే ఉంది. పోతన గజేంద్రమోక్షంలోని పద్యం ఇది:

సిరికిం జెప్పఁడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపఁ, డే
పరివారంబునుఁ జీరఁ, డభ్రగపతిం బన్నింపఁ, డాకర్ణికాం
తర ధమ్మిల్లముఁ జక్కనొత్తఁడు; వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడఁడు గజప్రాణావనోత్సాహియై.

మీరు వెతికిన మాటలు నిఘంటువులో లేకపోవడానికి కారణం సంధి. ‘సిరికి’ అని మనం ఇప్పుడు అంటున్న మాటకు పాత తెలుగులో చివర ‘న్’ ఉండేది: సిరికిన్. ఈ ‘న్’నే ద్రుతం అంటారు. దాని తర్వాత క చ ట త ప లు వస్తే అవి గ జ డ ద బ లుగా మారతాయి. ‘ద్రుతప్రకృతికముమీది పరుషములకు సరళములగు’ అని చిన్నయ సూరి సూత్రం. కాబట్టి సిరికిన్ + చెప్పఁడు = సిరికిం జెప్పఁడు. ఆ ‘న్’ ఒక చోట సున్నగా కనబడుతుంది (సిరికిం), ఇంకో చోట అరసున్నగా (పరివారంబునుఁ). మాట మొదట్లో జ, బ ఉండి, దాని ముందు మాట చివర సున్నో అరసున్నో ఉంటే చ, ప కింద కూడా వెతకండి. జీరఁడు చీరఁడు అవుతుంది, బన్నింపఁడు పన్నింపఁడు అవుతుంది. రెండూ దొరుకుతాయి.

‘డభ్రగపతి’ సంగతి వేరు. చీరఁడు + అభ్రగపతిన్ కలిసినప్పుడు ‘డు’లోని ఉకారం పోయి, మిగిలిన డకారం తర్వాతి అచ్చును పట్టుకుంది. పాదం చివరి ‘డే’ కూడా అంతే: సంధింపఁడు + ఏ. ఆ ‘ఏ’ కింది పాదంలోని పరివారానికి చెందుతుంది. ‘కాం – తర’ అయితే ఒకే మాట రెండు పాదాల్లోకి విరిగింది. పద్యంలో పాదం ఆగిన చోట మాట ఆగాలని లేదు.

‘జెప్పండు’ అని రాశారు కదా, అక్కడున్నది అరసున్న. నిండు సున్న అనుకుంటే ‘ప్పం’ గురువవుతుంది. ఈ పద్యం మత్తేభం, అందులో మొదటి మూడక్షరాల తర్వాత భగణం రావాలి, అంటే గురువు, లఘువు, లఘువు. జెప్పఁడు సరిగ్గా సరిపోతుంది, జెప్పండు సరిపోదు. పాత అచ్చులో సిరా పాకి అరసున్న నిండుగా కనబడినప్పుడు నేను గణాలు లెక్కపెట్టే తేల్చుకుంటాను.

ఇప్పుడు అర్థాలు. సిరి అంటే లక్ష్మి. చేదోయి అంటే రెండు చేతులు (దోయి = జంట). చీరు అంటే పిలవడం, కట్టుకునే చీరతో సంబంధం లేదు. అభ్రం ఆకాశం, అభ్రగం ఆకాశంలో తిరిగేది, అంటే పక్షి, పక్షులరాజు గరుత్మంతుడు. పన్నించడం ప్రయాణానికి సిద్ధం చేయించడం. ధమ్మిల్లం జుట్టుముడి. చేలాంచలం బట్ట కొంగు.

ఒక్క చోట మాత్రం నిఘంటువు సాయం చేయదు. ఇవాళ ‘వాడు చెప్పడు’ అంటే ఇక చెప్పబోడని గానీ, చెప్పే అలవాటు లేదని గానీ అర్థం. పాత తెలుగులో ఈ వ్యతిరేక రూపం మూడు కాలాలకూ చెల్లుతుంది. ఇక్కడ జరిగిపోయిన కథ చెబుతున్నాడు కాబట్టి ‘చెప్పలేదు’ అనుకోవాలి. అలా చదివితేనే ఆ తొందర మనకు తెలుస్తుంది:

‘లక్ష్మికి చెప్పలేదు. శంఖం, చక్రం చేతుల్లోకి తీసుకోలేదు. పరివారంలో ఎవరినీ పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించలేదు. చెవి దాకా జారిన జుట్టుముడి సర్దుకోలేదు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటకొంగైనా వదల్లేదు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఆత్రంతో అలాగే బయల్దేరాడు.’

‘బయల్దేరాడు’ అన్న మాట పద్యంలో లేదు, వాక్యం నిలబడడానికి నేను చేర్చాను. పద్యం ‘ఉత్సాహియై’ దగ్గరే ఆగుతుంది.

ఇక మీరనుకున్న వనం. ‘ప్రాణావన’ను ప్రాణా + వన అని విడదీయకూడదు, ప్రాణ + అవన అని విడదీయాలి. అవనం అంటే కాపాడడం. రెండు అకారాలు కలిసి దీర్ఘం వచ్చింది, అందుకే ‘ణా’.