మాగ్నిఫైయర్ ఆపకుండా స్క్రీన్‌షాట్: గీత గీయడం మానేయండి

"నాకు లో విజన్. లాప్‌టాప్‌లో మాగ్నిఫైయర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. స్క్రీన్‌షాట్ కోసం మౌస్‌తో లాగుతుంటే తెర నా చేతి వెంట పరుగెడుతుంది, చివరికి వచ్చిన బొమ్మలో అక్షరాలు చీమల్లా ఉంటాయి. మాగ్నిఫైయర్ ఆపకుండా హాయిగా తీసే దారి ఏమైనా ఉందా?"

ఉంది. Win + Shift + S నొక్కి డబ్బా గీయడం అనే పద్ధతిని మన జీవితంలోంచి తీసేయడమే ఆ దారి. అది చూపు బాగున్నవాళ్ళ కోసం చేసిన పద్ధతి, మనకు పనికిరాదు. నేను విండోస్ మనిషిని, నాకు కంటి మధ్యభాగం చూపు లేదు, మాగ్నిఫైయర్ 300 శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి చెప్పేదంతా అక్కణ్ణుంచే.

ముందు ఒక విషయం బుర్రకెక్కితే మిగతాదంతా సులువు. మాగ్నిఫైయర్ మీ తెర మీద పెట్టిన భూతద్దం లాంటిది. కింద ఉన్న కాగితాన్ని అది పెద్దది చేయదు, మీ కంటికి మాత్రమే పెద్దగా చూపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు కంప్యూటర్ ఆ కాగితాన్నే తీస్తుంది. అందుకే ఫుల్ స్క్రీన్ మోడ్‌లో మీకు అరచేయంత కనిపించే అక్షరం బొమ్మలో చీమంత ఉంటుంది. ఐఫోన్‌లో జూమ్ పెట్టుకున్నా ఇదే కథ, బొమ్మ మామూలు సైజులోనే వస్తుంది.

ఇది నాకు మా మేనకోడలి కాలేజీ ఫీజు పుణ్యమా అని బాగా అర్థమైంది. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టాను. బ్యాంకులో డబ్బు పోయింది, కాలేజీ సైటులో మాత్రం ఎర్ర అక్షరాలతో ఫెయిల్డ్ అని వచ్చింది. ఫోన్ చేస్తే అకౌంట్స్ సెక్షన్ ఆయన "స్క్రీన్‌షాట్ పెట్టండి సార్, చూస్తాం" అన్నాడు. పెట్టాను. పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్: "ఏం కనపడట్లేదు సార్, కొంచెం జూమ్ చేసి పెట్టండి." నా తెర మీద ఆ ఎర్ర అక్షరాలు బల్ల చివరి నుంచి కూడా చదవొచ్చు! ఇంతకంటే జూమ్ ఏముంటుంది? పక్కనే కూర్చున్న మేనకోడలు తన ఫోన్‌లో ఆ బొమ్మ తెరిచి, నా లాప్‌టాప్ వంక ఒకసారి చూసి, "మావయ్యా, నీకు కనిపించేది వేరు, వాళ్ళకి వెళ్ళింది వేరు. ఇందులో సైటంతా ఉంది. పక్కన నీ మెయిల్ విండో కూడా ఉంది" అంది.

ఆ రెండో మాట దగ్గర ఆగాలి. ఎందుకంటే చిన్నగా రావడం కంటే పెద్ద చిక్కు అది. 1920 x 1080 తెర మీద 300 శాతం పెట్టుకుంటే మనకు ఒకేసారి కనిపించేది 640 x 360 ముక్క, అంటే తెరలో తొమ్మిదో వంతు. స్క్రీన్‌షాట్‌లోకి మిగతా ఎనిమిది వంతులూ వెళ్తాయి. పక్కన తెరిచి పెట్టిన చాట్, మూలన వచ్చిన ఓటీపీ మెసేజ్, ట్యాబుల పేర్లు, మనం చూడనివన్నీ అవతలివాడు చూస్తాడు. అందుకని తీసేముందు Ctrl + Alt + Space నొక్కుతాను. మాగ్నిఫైయర్ ఒక్క క్షణం మొత్తం తెర చూపించి వెనక్కి వస్తుంది. అక్షరాలు చదవలేను, నిజమే, కానీ తెర మీద ఒక విండో ఉందా, రెండున్నాయా అన్నది ఆకారాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఇక తీసే పద్ధతి. Alt + PrtScn. అంతే. ఇది మీరు ప్రస్తుతం పని చేస్తున్న విండోను మాత్రమే తీసి క్లిప్‌బోర్డులో పెడుతుంది. లాగేది లేదు, గురి చూసేది లేదు, మాగ్నిఫైయర్ ఎక్కడున్నా పట్టింపు లేదు. తర్వాత వాట్సాప్ వెబ్‌లోనో మెయిల్‌లోనో Ctrl + V. కొన్ని లాప్‌టాప్‌లలో Fn కూడా కలపాలి. ఆ PrtScn బటన్ పై వరసలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది, దాని మీద రాత కూడా ఆవగింజంత. మా ఆవిడ రాళ్ళ బొట్టుబిళ్ళ ఒకటి తీసి దాని మీద అతికించింది. వేలికి గరుగ్గా తగులుతుంది, వెతుక్కోవడం పోయింది. కీబోర్డులు చేసేవాళ్ళు F మీదా J మీదా గీత పెట్టినట్టు దీని మీదా పెడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

Alt + PrtScn తో ఒక ఇబ్బంది ఉంది: తీసినట్టు ఏ గుర్తూ ఉండదు. చప్పుడు రాదు, మెరుపు రాదు. Win + Shift + S నొక్కితే వచ్చే స్నిప్పింగ్ టూల్ అయితే నోటిఫికేషన్ ఇస్తుంది, కానీ దాన్ని తెర కుడివైపు కింద మూలన పెడుతుంది. మనం ఎడమవైపు పైన ఉంటే అది వచ్చి పోయిన సంగతి కూడా తెలియదు. కాబట్టి పేస్టు చేసి చూసుకోవడమే పరీక్ష. ఇంకో లోపం, తెరిచి ఉన్న మెనూను బొమ్మలో పట్టుకోవాలంటే Alt నొక్కగానే చాలా ప్రోగ్రాముల్లో ఆ మెనూ మూసుకుపోతుంది. అలాంటప్పుడు స్నిప్పింగ్ టూల్‌లో ఆలస్యం 5 సెకన్లు పెట్టి, ఫుల్ స్క్రీన్ ఎంచుకుని, వెళ్ళి మెనూ తెరిచి ఊరుకుంటే అదే తీసుకుంటుంది.

బొమ్మలో అక్షరాలు పెద్దగా రావాలంటే కాగితాన్నే పెద్దది చేయాలి. బ్రౌజర్‌లో Ctrl, + కలిపి నొక్కుతూ పేజీని 200 శాతానికి తెచ్చి, ఆ తర్వాత Alt + PrtScn. ఇది భూతద్దం కాదు, పేజీ నిజంగానే పెరుగుతుంది, కాబట్టి బొమ్మలోనూ పెద్దగానే వస్తుంది. పని అయ్యాక Ctrl + 0 నొక్కితే మామూలు సైజు. ఆ రోజు ఫీజు వ్యవహారంలో చివరికి చేసింది ఇదే: మాగ్నిఫైయర్ 300 నుంచి Win, మైనస్ ఒకసారి నొక్కి 200కి దించాను, పేజీని 200కి పెంచాను. రెండూ కలిసి 400 కాబట్టి చదువుకోవడానికి ఇంకా సుఖంగానే ఉంది. ఎర్ర అక్షరాలూ, ట్రాన్సాక్షన్ నంబరూ ఒకే తెరలోకి వచ్చేలా కిందికి జరిపి తీశాను. అకౌంట్స్ ఆయన ఈసారి కిక్కురుమనలేదు. పేజీని మరీ పెంచితే కొన్ని సైట్లు ఫోన్ సైజు రూపంలోకి మారిపోయి పట్టికలో కాలమ్‌లు దాచేస్తాయి. కావలసిన గడి కనిపించట్లేదంటే Ctrl, మైనస్ ఒకటి రెండుసార్లు నొక్కి చూడండి. పేజీ ఒక తెరలో పట్టకపోతే ఫైర్‌ఫాక్స్‌లో Ctrl + Shift + S నొక్కి పూర్తి పేజీ ఎంచుకుంటే, పెంచిన సైజులోనే పైనుంచి కిందిదాకా ఒకే బొమ్మగా ఇస్తుంది.

విండోలో చిన్న ముక్కే కావాలంటే? అప్పుడు కూడా గీయను, తీశాక కత్తిరిస్తాను. Win + Alt + PrtScn నొక్కితే విండోస్‌లోనే ఉండే గేమ్ బార్ ఆ విండోను ఫైలుగా దాస్తుంది, Videos లోపల Captures అనే ఫోల్డర్‌లో. బొమ్మను వీడియోల ఫోల్డర్‌లో పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో వాళ్ళకో దండం. గేమ్ బార్ ఆఫ్ చేసి ఉంటే ఇది పనిచేయదు, డెస్క్‌టాప్ మీదా పనిచేయదు, అక్కడ Win + PrtScn వాడి మొత్తం తెర తీసుకోవాలి. ఆ ఫైలును ఫోటోస్ యాప్‌లో తెరిచి Ctrl + E నొక్కి క్రాప్. ఇక్కడా లాగాలిగా అంటారేమో. తేడా ఉంది. గీసేటప్పుడు ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా ఒకే ఊపున, బటన్ వదలకుండా లాగాలి, తెర కూడా కదులుతుంటుంది. క్రాప్‌లో ఒక్కో అంచును విడిగా జరపొచ్చు. ఎడమ అంచు జరిపి వదిలేసి, కాఫీ తాగొచ్చి కుడి అంచు జరిపినా అడిగేవాడు లేడు. మాగ్నిఫైయర్ సెట్టింగ్స్‌లో మౌస్ పాయింటర్ మధ్యలో ఉండాలన్నది తీసేసి, అంచుల లోపల ఉండాలన్నది పెట్టుకోండి. పాయింటర్ అంచుకు వెళ్తేనే తెర కదులుతుంది. మధ్యలో పెట్టుకుంటే మౌస్ తుమ్మినా తెర ఊగుతుంది. మీ తెర చేతి వెంట పరుగెట్టడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

రంగుల సంగతీ ఇలాంటిదే. మాగ్నిఫైయర్‌లో Ctrl + Alt + I తో రంగులు తిప్పుకుంటే బొమ్మ మామూలు రంగుల్లోనే వెళ్తుంది, భయం లేదు. కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకుంటే మాత్రం ఆ రంగులే వెళ్తాయి. నల్ల థీమ్‌లో తీసిన దరఖాస్తు పేజీని జిరాక్స్ షాపులో ప్రింటుకిస్తే ఆ కుర్రాడు "టోనర్ డబ్బులు విడిగా ఇస్తారా సార్" అని అడిగాడు.

ఫోన్‌లో పెద్ద అక్షరాలు వాడేవాళ్ళకి ఇబ్బంది తలకిందులు. అక్కడ అక్షరం సెట్టింగ్‌లోనే పెరిగింది కాబట్టి బొమ్మలోనూ పెద్దగానే వస్తుంది, కానీ సగం సరుకు తెర బయట ఉండిపోతుంది. కొన్ని యాప్‌లలో యూటీఆర్ నంబరు చివరి అంకెలు మింగేసి మూడు చుక్కలు పెడతారు. ఆ చుక్కలున్న బొమ్మ పంపి ప్రయోజనం లేదు. నంబరు మీద నొక్కి కాపీ చేసి, కింద టైపు చేసినట్టే అతికించి పంపండి. పేజీ పొడుగైతే ఆండ్రాయిడ్ 12 నుంచి స్క్రీన్‌షాట్ తీయగానే కింద Capture more లాంటి బటన్ వస్తుంది, అది కిందిదాకా తీస్తుంది. కానీ అన్ని యాప్‌లలోనూ రాదు. బ్యాంకు యాప్‌లలో చాలావరకు అసలు స్క్రీన్‌షాటే తీయనివ్వవు, భద్రత అంటారు. అది మీ సెట్టింగ్ తప్పు కాదు, కుస్తీ పట్టకండి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పెడితే అది పిండేసి పంపుతుంది, చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. లాప్‌టాప్ తెరకి ఫోన్‌తో ఫోటో తీసి పంపమని సలహా ఇచ్చేవాళ్ళ మాట మాత్రం వినకండి. ఆ చారలూ, ఆ ట్యూబ్‌లైటు మెరుపూ చూపున్నవాడికే తలనొప్పి. ఇంకో మనవి, ఇది మీకు కాదు, మనకు సమాచారం పంపే బంధుమిత్రులకు: నాలుగు లైన్ల సంగతిని దయచేసి స్క్రీన్‌షాట్‌గా పంపకండి. నా ఫోన్‌లో అక్షరాల సైజు ఎంత పెంచినా బొమ్మలోని అక్షరం పెరగదు. వేళ్ళతో సాగదీసి, ఎడమ నుంచి కుడికి, మళ్ళీ వెనక్కి, లైను లైనుకీ జరుపుకుంటూ చదవాలి. అదే టైపు చేసి పంపితే ఒక్క చూపులో చదివేస్తాను. అపార్టుమెంటు గ్రూపులో నీళ్ళ ట్యాంకర్ వేళలు కూడా బొమ్మగానే పెడతారు. వాటిని నేను చదివేసరికి ట్యాంకర్ వెళ్ళిపోతుంది.