పెదవులు కలిసే చోట

అమ్మలూ,

తమిళ సీరియల్‌కి తెలుగు మాటలు రాయడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. "కవిత్వం రాసే పిల్ల డబ్బింగు రాతకి దిగిందేంటన్నయ్యా" అని వాడి బాధ. 1950లో డబ్బింగు సినిమా 'ఆహుతి'కి శ్రీశ్రీ చేసిందీ ఈ పనేనని చెప్పు వాడికి.

నాకు మాత్రం సంతోషమే. కానీ వాళ్ళు ముందు స్క్రిప్టు ఇచ్చి, వీడియో తర్వాత పంపుతామన్నారట కదా. అది విన్నాక నిద్ర పట్టలేదు. బొమ్మ చూడకుండా ఒక్క ముక్క రాసినా ఊరుకోను.

లాంగ్ షాట్లూ, వీపు కనబడే షాట్లూ అర్థం, నిడివి కుదిరితే చాలు. క్లోజప్పులు మాత్రం ముందు సౌండు తీసేసి చూడు. ప, బ, మ దగ్గర పెదవులు కలుస్తాయి. అవెక్కడ కలిశాయో కాగితం మీద గీతలు పెట్టుకో. మిగతా అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా చూసేవాళ్ళు పట్టించుకోరు. మూసిన పెదవుల్లోంచి 'ళ' వినబడితే మాత్రం పట్టేస్తారు.

ఒకాయన ఇలాగే కాగితం చూసి రాసుకొచ్చాడు. కూతురు తల్లితో "పోగమాట్టేన్" అంటుంది, వెళ్ళనని. ఈయన "నేను వెళ్ళను" అని పెట్టాడు. అర్థం అదే, నిడివీ దాదాపు అంతే. తెరమీదేమో 'పో' దగ్గర ఒకసారి, 'మా' దగ్గర ఒకసారి పెదవులు కలుస్తున్నాయి. ఈయన వాక్యంలో ఎక్కడా కలవవు. పైగా ఆ నటి కళ్ళు నిండేది సరిగ్గా 'మా' దగ్గర. డబ్బింగు చెప్పే పిల్ల, పాపం, టేకు మీద టేకు చెప్పి గొంతు బొంగురు చేసుకుంది. ఇంజనీరు మాటని ముందుకీ వెనక్కీ జరిపి చూశాడు. లేని 'మ' జరిపితే వస్తుందా? చివరికి ఆ పిల్లే అడిగింది, "పోనమ్మా నే అనొచ్చా సార్?" అని. పోకి పో, మాకి మా, చివర 'టే'కి నే. అమ్మా అన్న పిలుపు వెళ్ళి ఆ కన్నీళ్ళ మీద పడింది.

అందుకని ఆర్టిస్టు మాట మార్చమంటే మూతి ముడుచుకోకు. నీకా గుణం ఉంది, మీ నానమ్మ పోలిక.

తమిళంలో రాతకీ పలుకుకీ తేడా ఉంటుంది. కాగితం మీద "వేండామ్" అని ఉన్నా, నోటితో "వేణాఁ" అంటారు. చివర్లో పెదవులు కలవవు, నోరు తెరిచే ఉంటుంది. దానికి వట్టి "వద్దు" పెడితే, తెరిచిన నోట్లోంచి 'ఉ' వినబడుతుంది. తమ్ముడితో అనే మాటైతే "వద్దురా" అను, మొదటి 'వ', చివరి 'ఆ' రెండూ కుదురుతాయి. ఎదుట పెద్దవాళ్ళుంటే 'రా' అనలేం, "వద్దండీ" అంటే చివర కుదరదు. అప్పుడు లిప్పు పోతే పోనీ, మర్యాద పోకూడదు.

వీడియో చేతికొచ్చాకే మొదలెట్టు, అడ్వాన్సు కూడా తీసుకున్నాకే. రాత్రుళ్ళు కూర్చుని కళ్ళు పాడుచేసుకోకు తల్లీ. మొదటి రెండు సీన్లు నాకు పంపు, వీడియోతో సహా.

మీ పెదనాన్న