సెలవు అడిగే రిహార్సల్ కథ సాగడం లేదు

“నా కథలో గుమాస్తా సెలవు అడగడం మూడుసార్లు ప్రాక్టీస్ చేస్తాడు. చదివినవాళ్లు బోర్ అంటున్నారు. ఎందుకు?”

మూడుసార్లూ అతను ఒకే మాట అంటున్నట్టున్నాడు. చాలామంది మర్చిపోయేది, అతని ఊహలో బాస్ కూడా మాట్లాడాలి. ఆ జవాబుకి జంకి గుమాస్తా ప్రతిసారీ కొంచెం తగ్గాలి.

1. “అమ్మకి కంటి ఆపరేషన్ సార్, శుక్రవారం సెలవు కావాలి.” ఊహలో బాస్: “ఇంట్లో ఇంకెవరూ లేరా?”
2. “మధ్యాహ్నానికి వచ్చేస్తాను సార్.” “పొద్దున పని ఎవరు చేస్తారు?”
3. “ఒక్క గంట లేటుగా రావచ్చా సార్?”

“భయపడ్డాడు” అని రాయకండి. మడిచి మడిచి లీవ్ లెటర్ మడత దగ్గర చిరిగిందని చూపించండి, చాలు.

చివర్లో నిజం బాస్ తలెత్తి “ఏంటి?” అంటాడు. గుమాస్తా నోరు తెరుస్తాడు. అక్కడే ఆపేయండి.