ల్యాప్‌టాప్ షోరూమ్‌ని 45,000 ఎలా అడగాలి

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ. ఫిబ్రవరిలో రోబోటిక్స్ క్లబ్ తరఫున రెండు రోజుల పోటీలు పెడుతున్నాం. ల్యాప్‌టాప్ షోరూమ్‌తో కలిపి పదిహేను కంపెనీలకు స్పాన్సర్‌షిప్ కోసం మెయిల్ పెట్టాం, ఒక్కరూ జవాబివ్వలేదు. లెటర్‌లో ఏం రాయాలి?

జవాబు: ఒకే మెయిల్ పదిహేను మందికి వెళ్లిందంటే అందులో ఎంత డబ్బు కావాలో రాసి ఉండరు. "మీ అమూల్యమైన సహకారాన్ని కోరుతున్నాం" అని ముగించి, కింద ఇరవై పేజీల బ్రోచర్ తగిలించి ఉంటారు. నూటికి తొంభై లెటర్లు ఇలాగే ఉంటాయి, జవాబు రాకపోవడానికి కారణమూ అదే.

షోరూమ్ మేనేజర్ చేతిలో సాధారణంగా 45,000 రూపాయలు ఖర్చు పెట్టే అధికారం ఉండదు. మీ మెయిల్‌ని ఆయన విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న మార్కెటింగ్ వాళ్లకు పంపాలి. అక్కడ చదివే మనిషి మిమ్మల్ని చూడలేదు, మీ కాలేజీ పేరు కూడా విని ఉండకపోవచ్చు. కాబట్టి ఎంత కావాలి, ఏ తేదీకి కావాలి, బదులుగా ఏం ఇస్తారు అన్న మూడూ అటాచ్‌మెంట్ తెరవకుండానే ఫోన్ తెర మీద కనబడాలి. క్లబ్ ఎప్పుడు పుట్టింది, ఎన్ని బహుమతులు గెలిచింది అన్నవి ఆ తర్వాత రెండు వాక్యాల్లో సరిపెట్టవచ్చు.

మీ కేసునే లెక్కేసి చూద్దాం. పోయినసారి 640 మంది రిజిస్టర్ అయ్యారనుకుందాం. అందులో 410 మంది మీ కాలేజీ వాళ్లు, 230 మంది బయటి కాలేజీల వాళ్లు. లెటర్‌లో రాయాల్సింది ఈ 640నే. చాలామంది ఇక్కడ "5,000 ఫుట్‌ఫాల్" అని రాసేస్తారు. 45,000 అడిగినప్పుడు 640 మందికైతే తలకు దాదాపు 70 రూపాయలు, 5,000 మందికైతే 9 రూపాయలు. చౌకగా కనబడుతుంది కాబట్టే ఆ అబద్ధం. కానీ చదివేవాడు మొదట అడిగేది "పోటీ ఏ హాల్లో?" అని. ఆడిటోరియంలో 600 కుర్చీలున్నాయని తేలగానే లెటర్‌లోని మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. ఒకవేళ నమ్మి వచ్చినా, 4,000 కరపత్రాలు తెచ్చుకుని సాయంత్రానికి మూడు వేలకు పైగా వెనక్కి మోసుకుపోతారు. ఆ కంపెనీ మళ్లీ ఆ కాలేజీ వైపు చూడదు.

అంకెకన్నా ముఖ్యం, ఆ 640 మంది ఎవరు అన్నది. ల్యాప్‌టాప్ అమ్మేవాడికి ఫైనల్ ఇయర్ వాళ్లతో పని తక్కువ, వాళ్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. మొదటి, రెండో ఏడాది వాళ్లు ఎంతమందో విడిగా రాయండి. ఈసారి రిజిస్ట్రేషన్ ఫారంలో "వచ్చే ఆరు నెలల్లో ల్యాప్‌టాప్ కొనే ఆలోచన ఉందా?" అని ఒక్క ప్రశ్న కలపండి. మొదటి వంద మంది జవాబులు రాగానే ఆ లెక్క లెటర్‌లోకి ఎక్కించండి. అదే లెక్క హెల్మెట్ల షాపుకి పనికిరాదు. అక్కడ బైక్ మీద కాలేజీకి వచ్చేవాళ్లెందరో కావాలి. పదిహేను మందికీ ఒకే మెయిల్ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఇక బదులుగా ఇచ్చేది. ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని పట్టిక గీసే అలవాటు దయచేసి మానండి. పన్నెండు లోగోల ఫ్లెక్సీలో పదమూడోది కావడానికి ఎవరూ డబ్బివ్వరు. షోరూమ్‌కి కావాల్సింది మనుషులు ఆగే చోటు. ఐడీ కార్డు తీసుకోవడానికి ప్రతి ఒక్కరూ రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గరికి రావాల్సిందే కాబట్టి, దాని పక్కన పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న స్టాల్, ఒక టేబుల్, రెండు కుర్చీలు, కరెంటు ప్లగ్ పాయింట్ ఇస్తామని రాయండి. ప్లగ్ పాయింట్ మాట మరిచిపోతే ఆ రోజు పొద్దున ఎక్స్‌టెన్షన్ బాక్సు కోసం పరుగులే. ఒక్క మాట మాత్రం ఇవ్వకండి: పాల్గొన్నవాళ్ల ఫోన్ నంబర్ల జాబితా. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం వచ్చింది, అడగకుండా నంబర్లు ఇవ్వడం తప్పు. ఇష్టమున్నవాళ్లు స్టాల్ దగ్గర తామే రాసి ఇస్తారు.

అడిగే పేరా ఇలా ఉండాలి (ఇంగ్లిష్‌లో పంపినా వరుస ఇదే):

"ఫిబ్రవరి 20, 21 తేదీల్లో జరిగే పోటీలకు మీ సంస్థ నుంచి 45,000 రూపాయలు కోరుతున్నాం. ఇందులో 25,000 నగదు బహుమతులకు, 12,000 రోబోలు తిరిగే ప్లైవుడ్ అరీనాకు, 8,000 సర్టిఫికెట్ల ముద్రణకు. ఫ్లెక్సీలు ఫిబ్రవరి 10న ప్రింటుకు వెళ్తాయి కనుక జనవరి 31లోగా మీ నిర్ణయం తెలపాలి. డబ్బు ఇవ్వడం కుదరకపోతే రెండు రోజులకు నాలుగు డెమో ల్యాప్‌టాప్‌లు ఇచ్చినా స్టాల్ ఇస్తాం."

చివరి వాక్యం వదలకండి. "కుదరదు" అనబోయే మేనేజర్‌కి తన చేతిలో ఉన్నదేదో ఇచ్చే దారి అది. మొత్తాన్ని "30,000 నుంచి 60,000 వరకు" అని రాస్తే 30,000 ఒక్కటే కనబడుతుంది. లెటర్ డిసెంబర్ మొదటి వారానికే చేరాలి, ఎందుకంటే పైవాళ్ల అనుమతికి నెల పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇంకో తప్పు, "మీ సీఎస్ఆర్ నిధుల నుంచి ఇవ్వండి" అని రాయడం. లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు పెట్టాలన్న ఆ బాధ్యత కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలకే ఉంది. పైగా తన సరుకుకి ప్రచారం దక్కేలా చేసే స్పాన్సర్‌షిప్‌ని సీఎస్ఆర్ ఖర్చుగా చూపడానికి నిబంధనలు ఒప్పుకోవు. స్టాల్ ఇస్తామంటూనే సీఎస్ఆర్ అడిగితే చదివేవాళ్లకు మీకు విషయం తెలియదని అర్థమవుతుంది. మీరు అడుగుతున్నది మార్కెటింగ్ బడ్జెట్, అలాగే రాయండి.

అసలు చాలా స్పాన్సర్‌షిప్‌లు ఒప్పుకున్నాక చచ్చిపోతాయి, డబ్బు దగ్గర. కోశాధికారి సొంత యూపీఐ నంబరు ఇస్తే కంపెనీ అకౌంట్స్ వాళ్లు పంపరు, పంపకూడదు కూడా. కాలేజీ పేరునో, దాన్ని నడిపే సొసైటీ పేరునో ఉన్న బ్యాంకు ఖాతా, ఆ సొసైటీ పాన్, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు ఉన్న లెటర్‌హెడ్ కావాలి. కాలేజీ సొసైటీదో ట్రస్టుదో అయి, డబ్బిచ్చేది కంపెనీయో భాగస్వామ్య సంస్థో అయితే, స్పాన్సర్‌షిప్ మీద 18 శాతం జీఎస్టీని రివర్స్ ఛార్జ్ కింద వాళ్లే నేరుగా ప్రభుత్వానికి కడతారు. అంటే మీ 45,000కి తోడు వాళ్లు 8,100 లెక్క చూసుకోవాలి. అందుకే "45,000 మాకు చేరాల్సిన మొత్తం, జీఎస్టీ కాక" అని ఒక్క ముక్క రాసి ఉంచితే తర్వాత పేచీ ఉండదు. టీడీఎస్ కోస్తే ఎంత తగ్గుతుందో కూడా ముందే అడగండి.

కాలేజీల మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడే. పిల్లలు ఊరంతా తిరిగి డబ్బు ఒప్పించుకొస్తే, రసీదు ఇవ్వడానికి ఆఫీసు రెండు వారాలు తిప్పుతుంది. ఖాతాలో పడ్డ డబ్బు క్లబ్‌కి ఎలా విడుదలవుతుందో ఎవరూ చెప్పరు. లెటర్ పంపకముందే కాలేజీ పరిపాలనాధికారిని కలిసి ఆ పద్ధతి కాగితం మీద రాయించుకోండి. లేకపోతే బహుమతులు సీనియర్ల జేబులోంచి ఇవ్వాల్సి వస్తుంది.

మెయిల్ పెట్టిన మూడో పనిదినాన షోరూమ్‌కి స్వయంగా వెళ్లండి. మధ్యాహ్నం పూట, రద్దీ లేనప్పుడు, ఇద్దరే, ఒక పేజీ ప్రింటుతో. "దీన్ని ఎవరికి పంపుతారు సార్?" అని అడిగి ఆ పేరు, మెయిల్ రాసుకోండి. పోటీలు అయిన వారంలోపు స్టాల్ ఫోటోలు నాలుగు, అసలు హాజరు ఎంత, స్టాల్ దగ్గర పేర్లు రాసింది ఎంతమంది అన్నది ఒక పేజీలో ఆ మెయిల్‌కే పంపండి. హాజరు 640 కాక 520 అయితే 520 అనే రాయండి. వచ్చే ఏడాది లెటర్‌కి జతచేయాల్సింది ఆ పేజీనే.