హిజ్రా, ట్రాన్స్‌జెండర్, తృతీయ ప్రకృతి: మూడూ ఒకటేనా?

సందేహం: పేపర్లలో ఒకచోట 'హిజ్రా' అని, ఒకచోట 'ట్రాన్స్‌జెండర్' అని, మరోచోట 'లింగమార్పిడి చేయించుకున్నవారు' అని రాస్తున్నారు. మన పాత పుస్తకాల్లో 'తృతీయ ప్రకృతి', 'నపుంసకుడు', 'పేడి' అని ఉంది. ఇవన్నీ ఒకరినే చెప్పే మాటలా? ఏది వాడితే తప్పు కాదు?

సమాధానం: ఒకరినే చెప్పే మాటలు కావు. పాత మాటలతోనే మొదలుపెడదాం.

అమరకోశం 'తృతీయాప్రకృతిః షండః క్లీబః పండో నపుంసకే' అని అన్నిటినీ ఒకే వరసలో పెట్టింది. పుట్టుకతోనే శరీరం ఆడో మగో తేలనివాళ్లు, సంతానం కలగని మగవాళ్లు, బీజాలు తీసేసినవాళ్లు అందరూ ఆ గంపలోకే వెళ్లారు. లెక్కకు వచ్చింది శరీరం, సంతానశక్తి. మనిషి తనను తాను ఏమనుకుంటున్నాడన్నది అక్కడ ప్రశ్నే కాదు. కామసూత్రం కొంచెం భిన్నంగా, తృతీయ ప్రకృతి రెండు విధాలంటుంది: స్త్రీరూపం ధరించేవారు, పురుషరూపంలో ఉండేవారు. మొదటివాళ్లు వేశ్యావృత్తితో బతుకుతారని, రెండోవాళ్లు కోరిక దాచుకుని ఒళ్లు పట్టే పని చేస్తారని చెబుతుంది. ఇక్కడ చూసింది వేషం, బతుకుతెరువు.

'నపుంసకుడు' మాటలో ఒక తమాషా ఉంది. 'పురుషుడు కానిది' అనే అర్థమున్న మాటకు తెలుగులో మళ్లీ మగ ప్రత్యయం 'డు' తగిలించాం. ఇప్పుడు వాడుకలో అది పిల్లలు పుట్టని మగాడిని తిట్టే మాటగా మిగిలింది. ఈ గందరగోళం చట్టంలోకి కూడా ఎక్కింది. బ్రిటిష్‌వారి 1871 క్రిమినల్ ట్రైబ్స్ చట్టం, దాని అడుగుజాడల్లో నిజాం రాజ్యంలో 1919లో వచ్చిన చట్టం 'నపుంసకులు' ఎవరంటే, తమకు లైంగిక శక్తి లేదని ఒప్పుకున్న లేదా వైద్యపరీక్షలో అలా తేలిన మగవాళ్లు అన్నాయి. వాళ్లలో నేరాలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్లు చీర కట్టి వీధిలోకొచ్చినా, ఆడి పాడినా వారంటు లేకుండానే పట్టుకోవచ్చు. ఆ నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది!

ఇక హిజ్రా. ఇది శరీరాన్ని చెప్పే మాట కాదు, సమూహాన్ని చెప్పే మాట. గురువు దగ్గర 'చేలా'గా, అంటే శిష్యురాలిగా చేరి, అందరి ముందు 'రీత్' అనే చేరిక తంతు జరిపించుకుని, ఒక ఇంటి వరసలోకి వస్తేనే హిజ్రా. గురువును మారాలంటే జరిమానా కట్టాలి. మగ అవయవాలు తీసేసే 'నిర్వాణం' అనే ఆపరేషన్‌కు వాళ్లలో గౌరవం ఉంది గానీ చేయించుకోనివాళ్లూ ఉన్నారు. ఎల్లమ్మ దేవతకు అంకితమైన జోగప్పల తీరు వేరు. అమ్మవారు తమను పట్టిందని, అందుకే చీర కట్టామని అంటారు. వాళ్ల దగ్గర ఆపరేషన్‌కు మామూలుగా పనే ఉండదు.

ఇలాంటి పాత్రలు మన దగ్గరే ఉన్నాయనుకోకండి. అల్బేనియా కొండల్లో 'బుర్‌నేషా' అనేవారున్నారు. ఇంట్లో మగదిక్కు లేకపోతే కూతురు పెళ్లి చేసుకోనని పెద్దల ముందు ప్రమాణం చేసి, మగబట్టలు తొడిగి, ఆస్తికి వారసురాలై ఇంటిపెద్దగా బతుకుతుంది. అక్కడి భాషలో 'బుర్రె' అంటే మగవాడు, దానికి స్త్రీ ప్రత్యయం తగిలిస్తే 'బుర్‌నేషా'. మన 'నపుంసకుడు'కు సరిగ్గా తిరగేసిన మాట. ఆమె మనసులో మగవాడా అని ఊరు అడగదు, ప్రమాణం నిలబెట్టుకుందా అనే చూస్తుంది.

'ట్రాన్స్‌జెండర్' కొత్త మాట. 1960ల్లో అమెరికాలో పుట్టి, 1990లకు గొడుగుమాటగా స్థిరపడింది. పుట్టినప్పుడు వేసిన ముద్రకూ తన లోపలి ఎరుకకూ పొసగనివారు ఎవరైనా దీని కిందికి వస్తారు. గురువు, దేవత, ప్రమాణం, ఆపరేషన్ ఏదీ షరతు కాదు. 2014లో సుప్రీంకోర్టు తన లింగం తానే చెప్పుకునే హక్కు ఉందని, దానికి శస్త్రచికిత్స అడగరాదని చెప్పింది. కాబట్టి 'లింగమార్పిడి చేయించుకున్నవారు' అన్న మాటను అందరికీ అంటగట్టడం పొరపాటే.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఆడపిల్లగా పుట్టి, ఇప్పుడు మగవాడిగా బతుకుతూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయి ఉన్నాడనుకుందాం. అతను ట్రాన్స్‌జెండర్, 'ట్రాన్స్ పురుషుడు'. హిజ్రా మాత్రం కాలేడు, ఆ సంప్రదాయంలో అతనికి చోటే లేదు. ఆడో మగో తేలనివాళ్లకు పాత పుస్తకాలు వాడిన 'పేడి' కూడా అతనికి అతకదు. అదే పెళ్లింటికి వచ్చి దీవించే గుంపు గురించైతే 'హిజ్రాలు' అనే రాయండి, వాళ్లూ ఆ మాటే చెప్పుకుంటారు. 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం తన నిర్వచనంలో కిన్నర, హిజ్రా, అరవాణి, జోగ్తాలను కూడా గొడుగు కిందికి తెచ్చింది. కానీ గొడుగు కిందికి వచ్చినంత మాత్రాన పేర్లు ఒకటైపోవు. 'కొజ్జా', 'మాడా' మాటలు నిఘంటువుల్లో ఉన్నా లేకున్నా ఇవాళ బూతే, రాయకండి.

క్రియ దగ్గర కూడా చాలామంది తడబడతారు. తెలుగులో ప్రథమ పురుష ఏకవచనంలో 'వచ్చాడు', 'వచ్చింది' రెండే ఉన్నాయి. ఆ రెండోది స్త్రీకీ పిల్లికీ బల్లకీ ఒకటే! ఆమెగా బతుకుతున్నవారిని 'ఆమె వచ్చింది' అని, అతనుగా బతుకుతున్నవారిని 'అతను వచ్చాడు' అని రాయండి. తెలియకపోతే 'వచ్చారు' ఉండనే ఉంది.