‘ఓ మైనా’ అని పిలిచి ఊరుకుంటే...

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై మీద ఇంట్లో వాడుకోవడానికి తెలుగు వాయిస్ అసిస్టెంట్ తయారు చేసుకున్నాను. ‘ఓ మైనా’ అంటే మేలుకుంటుంది. మా అమ్మ అలా పిలిచి ఆగిపోతుంది. వెంటనే అది ‘క్షమించండి, మీరు చెప్పింది నాకు వినిపించలేదు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి’ అంటుంది. ఒక్కోసారి ఎవరూ పిలవకపోయినా ఇదే పాట. ఆ చోట ఏం పలికించాలి? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ‘చెప్పండి’ అన్న ఒక్క మాట చాలు. పిలుపు విన్నాక రెండు సెకన్లు ఆగి, ఒకే ఒక్కసారి అనిపించండి. అప్పటికీ ఎవరూ మాట్లాడకపోతే మాటలేమీ లేకుండా మైకు మూసేయండి. అసలు ఎవరూ పిలవలేదేమో అన్న అనుమానం ఉంటే ఆ ఒక్క మాట కూడా వద్దు.

మీ అమ్మగారు ఎందుకు ఆగుతున్నారో ముందు చూద్దాం. మన ఇళ్ళలో వంటింట్లోంచి ‘ఒరేయ్ రాజూ’ అని కేకేస్తే, లోపల్నుంచి ‘ఆఁ’ అని వినపడేదాకా అసలు సంగతి చెప్పరు. పిలవడం ఒకటి, పలకడం ఒకటి, ఆ తర్వాతే చెప్పడం. ఈ పరికరాలేమో పేరు, పని రెండూ ఒకే గుక్కలో చెప్పేస్తారన్న లెక్కతో తయారవుతాయి. ఆవిడ తన అలవాటు ప్రకారం పిలిచి, పలుకుతుందని ఎదురుచూస్తున్నారు. బదులుగా ఆవిడ ఇంకా చెప్పనే చెప్పని మాట వినపడలేదని, ‘మళ్ళీ’ ప్రయత్నించమని వినవలసి వస్తోంది. పెద్దవాళ్ళకు ఇది తమ తప్పులా తోస్తుంది. ‘నాకు చేతకాదులే’ అని పక్కన పెట్టేసేది ఇలాంటి చోటే.

ఇక ఆ వాక్యం పొడవు. అక్షరాలు లెక్కపెట్టండి: ఇరవై ఎనిమిది. కంప్యూటరు గొంతు సెకనుకు ఆరు అక్షరాల చొప్పున చదివినా, మధ్యలో విరామంతో కలిపి ఐదు సెకన్ల దాకా పడుతుంది. ఈలోపు ఆవిడకు ‘హాలు ఫ్యాను ఆపు’ అనాలని గుర్తొచ్చినా అది మాట్లాడుతూనే ఉంటుంది. ‘చెప్పండి’ మూడక్షరాలు, అర సెకను. అడ్డుపడే సమయమే ఉండదు.

ఇంకేవైనా మాటలు బాగుంటాయేమోనని నేనూ చాలా ప్రయత్నించాను. ‘ఏం కావాలి?’ అంటే కొట్టువాడు అడిగినట్టుంటుంది. ‘నేను మీకు ఎలా సహాయపడగలను’ అనేది మన ఇంట్లో ఎవరూ అనని మాట. ‘వింటున్నాను’ పైకి బాగానే ఉంటుంది కానీ, ఎవరూ పిలవని వేళ, నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటుంటే మూలనుంచి ‘వింటున్నాను’ అని వినపడితే గుండె ఝల్లుమంటుంది. ‘ఆఁ’ అన్నిటికన్నా సహజం. అయితే మరీ చిన్నది, పక్క గదిలో ఉన్న మనిషికి అందదు. పైగా కంప్యూటరు గొంతు దాన్ని సరిగా పలకలేదు. ‘చెప్పండి’ మనం రోజూ ఫోనెత్తి అనే మాటే. మర్యాద అందులోనే ఉంది, ఇక వంతు మీదే అన్న సూచనా అందులోనే ఉంది.

ఇక్కడొక చిక్కుంది. ఒంటి మాటను కంప్యూటరు గొంతుతో చదివిస్తే చివర స్వరం దిగిపోయి, పరీక్ష హాల్లో అయ్యవారు గద్దించినట్టు వస్తుంది. దీనికి నేను చేసే ఉపాయం, ‘చెప్పండి, ఏం చేయమంటారు’ అని పూర్తి వాక్యం చదివించి, కామా దగ్గర కోసి మొదటి మాటను మాత్రం ఉంచుకోవడం. ముందు ఇంకా మాటలున్నాయన్నట్టు స్వరం కాస్త పైనే నిలుస్తుంది, మెత్తగా వినిపిస్తుంది. దాన్ని ఫైలుగా పరికరంలోనే దాచుకోండి. ప్రతిసారీ ఇంటర్నెట్ ద్వారా తయారు చేయించుకుంటే, నెట్ నెమ్మదించిన రోజున ఆ మాట ఆవిడ మాట మీద వచ్చి పడుతుంది.

ఫైలు ముందూ వెనకా ఉండే నిశ్శబ్దాన్ని తప్పకుండా కత్తిరించండి. సాక్స్ అనే ఆడియో సాధనం ఉంటే ఒక్క లైను పని:

```
sox in.wav cheppandi.wav silence 1 0.05 1% reverse silence 1 0.05 1% reverse
```

వెనక నిశ్శబ్దం వల్ల వచ్చే నష్టం పెద్దది. చాలా ప్రోగ్రాములు ఫైలు పూర్తిగా వాయించాకే మైకు తెరుస్తాయి. చివర అర సెకను ఖాళీ ఉంటే అర సెకను ఆలస్యంగా తెరుచుకుంటుంది. మనుషులు అంతసేపు ఆగరు. 2009లో పది భాషల సంభాషణలను కొలిచి చూస్తే, ప్రశ్న ముగిశాక ఎదుటివాళ్ళు అందుకోవడానికి పట్టిన సమయం సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే ఉంది. ఆ పదిలో తెలుగు లేదు గానీ, మనమేమీ తీరిగ్గా అందుకునే బాపతు కాదు. ఇంగ్లిష్‌లో ఆజ్ఞ మొదట క్రియతో మొదలవుతుంది. మనకు క్రియ చివర వస్తుంది, ఏ వస్తువో ముందు వస్తుంది. అందుకని మొదటి ముక్క తెగితే ‘హాలు ఫ్యాను ఆపు’ కాస్తా ‘ఫ్యాను ఆపు’ అవుతుంది. ప్రోగ్రాముకు అది పూర్తి వాక్యమే కాబట్టి మారు మాట్లాడకుండా ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేస్తుంది. ‘చెప్పండి’ అన్నాక చెప్పిన ఆజ్ఞల్లో గది పేరు తరచూ గల్లంతవుతోందంటే కారణం ఇదేనని అనుకోవచ్చు.

సరే, మైకు ముందే తెరిచి ఉంచితే? అప్పుడు తన స్పీకరులోంచి వచ్చిన ‘చెప్పండి’ని తన మైకే వింటుంది. ప్రతిధ్వనిని తీసేసే ఏర్పాటు లేని చౌక మైకుల్లో ఇది మామూలే. మీ లాగ్‌లో అమ్మగారు అన్న మాటగా ‘చెప్పండి’ అని నమోదై ఉంటే అదే సంగతి. వచ్చిన వాక్యం మొదట్లో ‘చెప్పండి’ ఉంటే దాన్ని తీసేసి మిగతాది వాడుకోమని రాసుకుంటే సరిపోతుంది. మైకు ఆలస్యంగా తెరవడం కన్నా ఇదే మేలు.

నిశ్శబ్దాన్ని నిశ్శబ్దంగా గుర్తించడం కూడా తేలిక కాదు. మాటను అక్షరాల్లోకి మార్చడానికి మీరు విస్పర్ వాడుతుంటే, ఖాళీ ఆడియో ఇచ్చినా అది కొన్నిసార్లు ఎవరూ అనని ‘థాంక్యూ’ లాంటి మాట రాసిచ్చేస్తుంది. ప్రోగ్రాము దాన్నే ఆజ్ఞ అనుకుని అర్థం కాలేదంటుంది. కాబట్టి ఎవరైనా మాట్లాడారా లేదా అన్న తీర్పు దానికి వదలకండి. దానికి ముందు సిలెరో లాంటి, మనిషి గొంతు ఉందో లేదో మాత్రమే చెప్పే చిన్న మోడల్ పెట్టండి. గొంతు లేదని అది అంటే ఆడియోను విస్పర్ దాకా పంపనే వద్దు.

ఇక ఎవరూ పిలవకుండా మేలుకోవడం. మీరు పెట్టిన పేరు ముచ్చటగా ఉంది, కానీ తెలుగింట్లో ‘ఓ మైనా’కు దగ్గరగా రోజుకు ఎన్నిసార్లు ‘ఏమైనా’ అంటామో చూడండి. ‘ఏమైనా తింటావా’, ‘ఏమైనా తెచ్చావా’, ‘నేనేమైనా అన్నానా’. ‘ఏ’కీ ‘ఓ’కీ మధ్య ఉన్న తేడా గది అవతల మైకుకు చేరేసరికి అరిగిపోతుంది.

పేరు పట్టుకోవడానికి ఓపెన్ వేక్‌వర్డ్ లాంటిది వాడుతుంటే, అది ప్రతి 80 మిల్లీసెకన్ల ముక్కకూ 0 నుంచి 1 మధ్య ఒక స్కోరు ఇస్తుంది. సాధారణంగా 0.5 దాటితే పిలుపు కింద లెక్క. మీరు ఒక గీత బదులు రెండు గీతలు పెట్టుకోండి. 0.5 దాటితే మైకు తెరవండి, దీపం వెలిగించండి, అంతే. వెనకాలే ఆజ్ఞ వస్తే పని చేస్తుంది, రాకపోతే చప్పుడు లేకుండా మూసుకుంటుంది. 0.8 దాటి, ఆ తర్వాత నిశ్శబ్దం ఉంటేనే ‘చెప్పండి’ అనాలి:

```python
if speech_started:
    run_command()
elif prompted:
    close_quietly()
elif score > 0.8 or called_again:
    prompted = True
    play("cheppandi.wav")
    listen(seconds=7)
else:
    close_quietly()
```

ఇందులో `called_again` మీ అమ్మగారి కోసం. ఆవిడ మెల్లగా పిలిచినప్పుడు స్కోరు 0.6 దగ్గరే ఆగి, అది పలకకపోవచ్చు. మనుషులు పలక్కపోతే ఏం చేస్తామో ఆవిడా అదే చేస్తారు, మరోసారి పిలుస్తారు. పది సెకన్లలోపు రెండో పిలుపు వస్తే స్కోరు ఎంతున్నా పలకాలి. 0.8 అనేది మొదలుపెట్టడానికి చెప్పిన అంకె మాత్రమే. ఒక వారం పాటు ప్రతి మేలుకొలుపుకీ స్కోరు, ఆ తర్వాత గొంతు వినపడిందా లేదా అన్న రెండూ రాయించి పెట్టుకుంటే మీ ఇంటి అంకె మీకే కనపడుతుంది.

పలికే ముందు రెండు సెకన్లు ఎందుకంటే, ఒకే గుక్కలో చెప్పేవాళ్ళు ఈలోపే మొదలుపెట్టేస్తారు. మా ఇంట్లో మొదట ఒక సెకనే పెట్టాను. గుర్తు తెచ్చుకుంటూ నోరు తెరిచే సరికి ‘చెప్పండి’ వచ్చి పడేది, ఇద్దరూ ఆగిపోయేవారు. నాలుగు సెకన్లు పెడితే అసలు వినలేదేమోనని మళ్ళీ పిలిచేవారు. పలికాక వినే సమయం మాత్రం ఉదారంగా ఇవ్వండి, ఏడు సెకన్లు ఎక్కువేం కాదు. అలెక్సా స్కిల్స్‌లోనూ జవాబు కోసం ఎనిమిది సెకన్లు చూసి, ఒక్కసారే మళ్ళీ అడిగి, ఆ తర్వాత ఊరుకుంటుంది. రెండోసారి అడగడం ఎప్పుడూ అక్కర్లేదు. అవసరం ఉన్న మనిషి మళ్ళీ పిలుస్తుంది, అవసరం లేనప్పుడు వంటింట్లో కుక్కరు కూతల మధ్య ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక ఆవిడకు ఉండదు.

పేరు మోడల్‌కు మళ్ళీ శిక్షణ ఇచ్చే వీలుంటే, మీ ఇంట్లోవాళ్ళ గొంతులతోనే ‘ఏమైనా’, ‘ఎవరైనా’, ‘ఎప్పుడైనా’ ఉన్న వాక్యాలు రికార్డు చేసి, ‘ఇవి పిలుపు కావు’ అన్న వైపు చేర్చండి. అమ్మగారు ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆవిడ అనుమతితో ఓ అరగంట రికార్డు చేసుకుంటే, ఆ ఒక్కదాంట్లోనే కావలసినన్ని దొరుకుతాయి.