ఉస్మానియా బిస్కెట్‌తో మాట కలపడం

"ఆమె ఇరానీ చాయ్ స్టోరీకి 'సూపర్' అని పెట్టాను. 'థాంక్స్' అంది, అంతే. ఇప్పుడేం రాయాలి?"

"సూపర్" అంటే ఆమెకు థాంక్స్ తప్ప చెప్పడానికి ఏం మిగలదు బ్రో. ఈసారి ఫొటోలో ఒక చిన్న విషయం పట్టుకుని సరదాగా గిల్లు: "ఆ ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో విరిగి పడిపోయిందా, నిజం చెప్పు." "నేను ముంచితే ఎప్పుడూ విరగదు" అని ఆమె ఎదురు వాదిస్తే మాట సాగినట్టే. అప్పుడు, "నమ్మను, ఒకరోజు నా ఎదురుగా ముంచి చూపించు" అను. సరసం ఆ మాటలోనే ఉంది, అందాన్ని పొగడక్కర్లేదు. స్టోరీ 24 గంటలే ఉంటుంది, కాబట్టి అదే రోజు రాయి. ఆమె ఉత్త హార్ట్ కొట్టి వదిలేస్తే మాత్రం మళ్లీ కదిలించకు. ఆమెకు ఇబ్బంది కలగకూడదు.